కింది వాక్యం నుంచి మొదలుపెట్టండి

*కథలు రాస్తుంటాను. ఈ మధ్య ఒక పత్రికకు పంపిన కథ "బాగుంది కానీ పలచగా ఉంది, అక్కర్లేని వాక్యాలు తీసి మళ్లీ పంపండి" అనే మాటతో తిరిగొచ్చింది. నేనెన్నిసార్లు చదివినా తీసేయాల్సిన వాక్యం ఒక్కటీ కనిపించడం లేదు. కింద నుంచి పైకి ఒక్కో వాక్యం చదివితే దొరుకుతాయని స్నేహితురాలు చెప్పింది. చదివాను. అప్పుడేమో అన్నీ తీసేయాల్సినవిలాగే కనిపించాయి. టెన్షన్ వచ్చి మధ్యలో ఆపేశాను. ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా? చేస్తే ఎలా చేయాలి? కథ చివరి భాగం జతచేస్తున్నాను. అవసరమైతే అందరి ముందూ విప్పి చూపించండి.*
*— ఒక రచయిత్రి*

పనిచేస్తుంది. మీకు అన్ని వాక్యాలూ తీసేయాల్సినవిలా కనిపించడానికి కారణం, చదువుతూ మీరు వేసుకున్న ప్రశ్న అయి ఉంటుంది. "ఈ వాక్యం బాగుందా?" అని అడిగి ఉంటారు. ముందూ వెనకా లేకుండా ఒక్కదాన్నే నిలబెట్టి అలా అడిగితే ఎంత మంచి కథలోనైనా చాలా వాక్యాలు చప్పగానే కనిపిస్తాయి. "మర్నాడు పొద్దున మళ్లీ వచ్చారు" అనే వాక్యంలో ఏం అందం ఉంది? కానీ అది లేకపోతే కథలో రోజు మారదు.

కింద నుంచి పైకి చదివేటప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ వాక్యం లేకపోతే పాఠకుడికి ఏం తెలియకుండా పోతుంది? దీనికి జవాబు రెండు మూడు మాటల్లో చెప్పగలిగితే ఆ వాక్యానికి పని ఉన్నట్టు. చెప్పలేకపోతే పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి పై వాక్యానికి వెళ్లాలి. అప్పటికప్పుడు కొట్టేయకూడదు. కింద నుంచి చదివినప్పుడు దొరికేవి అనుమానాలు మాత్రమే. ఉంచాలా, తీసేయాలా, మార్చాలా అన్నది మళ్లీ పై నుంచి చదివినప్పుడు తేలుతుంది. మీరు మొదటి సగం చేసి ఆపేశారు. ఆ సగం దగ్గర ఆగిన ఎవరికైనా కంగారు వస్తుంది.

మామూలుగా పై నుంచి చదివితే ఇవి ఎందుకు దొరకవో కూడా చూడాలి, ఎందుకంటే ఏం వెతుకుతున్నామో అప్పుడే స్పష్టమవుతుంది. మన రాతను మనం చదువుకునేటప్పుడు తర్వాతి వాక్యం కంటికి కనిపించేలోపే మనసులోకి వచ్చేస్తుంది. ఎక్కువసార్లు చదివిన కొద్దీ ఇంకా నున్నగా సాగిపోతుంది. ఆ సాఫీతనాన్ని మనం కథ బాగుండటంగా పొరబడతాం. రెండోది, పక్కపక్కన ఉన్న వాక్యాల మధ్య అరువు బేరం నడుస్తుంది. ఒక బలమైన వాక్యం వచ్చి మనల్ని కదిలిస్తే, ఆ కదలిక ఆగేలోపు వచ్చే ఒకటి రెండు వాక్యాలు కూడా బాగున్నట్టే అనిపిస్తాయి. వాటి సొంత సొమ్మేమీ ఉండదు. కింద నుంచి చదివితే అరువిచ్చే వాక్యం ఇంకా రాదు కాబట్టి అరువు మీద బతుకుతున్నది ముందే బయటపడుతుంది.

మూడో సంగతి కథ చివరికి సంబంధించింది. దిద్దుకోవడానికి కూర్చున్న ప్రతిసారీ మనం మొదటి పేజీ నుంచే మొదలుపెడతాం. చివరికి చేరేసరికి అలసిపోతాం, లేదా "ఇక అయిపోయింది" అనే తొందరలో ఉంటాం. దాంతో మొదటి పేరా ఎన్నోసార్లు నలుగుతుంది, చివరి పేరాకు ఆ శ్రద్ధలో కొంచెమే దక్కుతుంది. కింద నుంచి మొదలుపెడితే తాజా కళ్లు ముందుగా పడేది అక్కడే.

ఇక చేసే విధానం. కథ మొత్తాన్ని ఒకే ఊపులో తిరగేయకండి. ఒక సన్నివేశం తీసుకోండి, రెండు మూడు పేజీలు మించకుండా. దాని నకలు ఒకటి వేరే ఫైల్‌లో పెట్టుకుని ఒక్కో వాక్యాన్ని ఒక్కో వరుసలోకి విడగొట్టండి. వర్డ్‌లో అయితే ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, చుక్క తర్వాత ఖాళీ ఉన్న చోట `.^p` పెట్టమంటే వాక్యాలు చాలావరకు విడిపోతాయి. ప్రశ్నార్థకంతో, కొటేషన్ గుర్తుతో ముగిసేవి మిగిలిపోతాయి. "డా." లాంటి పొట్టి మాటలు అనవసరంగా తెగిపోతాయి. వాటిని చేత్తో సరిచేసుకోవాలి. నాకైతే మొత్తం చేత్తోనే ఎంటర్ కొడుతూ విడగొట్టడం ఇష్టం, ఆ కాస్త పనిలోనే ప్రతి వాక్యాన్నీ ఒకసారి విడిగా చూసినట్టవుతుంది. తర్వాత పై నుంచి కిందికి నంబర్లు వేయండి. తిరగేసి చదువుతుంటే ఎక్కడున్నామో తెలియకుండా పోతుంది, నంబరు ఉంటే అసలు డ్రాఫ్ట్‌లో ఆ చోటు వెంటనే దొరుకుతుంది.

కొందరు పదం పదం వెనక్కి చదువుతారు. అది అక్షర దోషాలు పట్టుకోవడానికి పనికొస్తుంది. మీకు కావాల్సింది అది కాదు. వాక్యాన్ని మామూలుగానే ఎడమ నుంచి కుడికి పూర్తిగా చదవాలి, వాక్యాల వరుస మాత్రమే తిరగబడాలి. "వచ్చి", "చూసి", "కూర్చుని" అంటూ పొడుగ్గా సాగే వాక్యాన్ని కూడా ముక్కలు చేయకండి. చివరి క్రియ వచ్చేదాకా అది ఒకటే వాక్యం. కాగితం మీద చదివేవాళ్లు పైన ఇంకో కాగితం అడ్డం పెట్టి ఒక్కో వరుసే బయటికి వచ్చేలా పైకి జరుపుకుంటే సరిపోతుంది. లేకపోతే కన్ను తనంతట తాను పై వాక్యం అందుకుని అర్థం కలిపేసుకుంటుంది.

ప్రతి వాక్యం పక్కనా అది చెప్పిన కొత్త సంగతిని రెండు మూడు మాటల్లో రాయండి. ఈ రాయడమే అసలు పని. మనసులో అనుకుని వదిలేస్తే మనల్ని మనం చాలా తేలిగ్గా మభ్యపెట్టుకోగలం.

ఇప్పుడు మీరు పంపిన భాగం చూద్దాం. నంబర్లు నేను వేశాను.

1. సుజాత తలుపు తీసింది.
2. గదిలో అంతా నిశ్శబ్దంగా ఉంది.
3. నిజానికి ఆ గదిలోకి వచ్చి ఆమెకు చాలా కాలమైంది.
4. కిటికీ పక్కన నాన్న వాలు కుర్చీ అలాగే ఉంది.
5. కుర్చీ చేతి చివర, ఆయన వేళ్లతో తట్టే చోట, రంగు పోయి చెక్క కనిపిస్తోంది.
6. దాన్ని చూడగానే ఆమె మనసు ఒక్కసారిగా బరువెక్కింది.
7. ఎన్నో జ్ఞాపకాలు ఆమెను చుట్టుముట్టాయి.
8. తమ్ముడు వెనక నుంచి వచ్చి, "దీన్నేం చేద్దాం?" అన్నాడు.
9. ఆమె ఏమీ మాట్లాడలేదు.
10. కాసేపు ఆగి, "నీకు కావాలా?" అంది.
11. "నాకు చోటు లేదక్కా."
12. ఆమె కుర్చీలో కూర్చుని వేళ్లను ఆ చోట పెట్టి చూసుకుంది.
13. అవి సరిగ్గా అక్కడికి అందలేదు.
14. నాన్న లేని లోటు ఎవరూ తీర్చలేనిదని ఆమెకు అప్పుడు అర్థమైంది.
15. కొన్ని వస్తువులు మనుషులకంటే ఎక్కువ మాట్లాడతాయి.

పై నుంచి చదివితే ఇది సాఫీగానే సాగుతుంది. మీకు తీసేయాల్సిందేమీ కనిపించకపోవడంలో వింత లేదు. ఇప్పుడు పదిహేనో వాక్యంతో మొదలుపెడదాం.

"కొన్ని వస్తువులు మనుషులకంటే ఎక్కువ మాట్లాడతాయి." దీని పక్కన ఏం రాస్తారు? సుజాత లేదు, తమ్ముడు లేడు, కుర్చీ కూడా లేదు. ఈ వాక్యాన్ని తీసుకెళ్లి పాత ఉత్తరం గురించిన కథ చివర పెట్టినా, చేతి గడియారం గురించిన కథ చివర పెట్టినా కుదిరిపోతుంది. ఎక్కడైనా కుదిరే వాక్యం ఇక్కడ కొత్తగా ఏమీ చెప్పలేదనే అర్థం. ప్రశ్నార్థకం. పద్నాలుగు కూడా దాదాపు అంతే. నాన్న లేని లోటు తీరదు అన్నది ఏ నాన్న గురించైనా అనొచ్చు. ఇంకో ప్రశ్నార్థకం.

పదమూడు దగ్గరే మీరు బెదిరి ఉంటారని నా ఊహ. "అవి సరిగ్గా అక్కడికి అందలేదు." ఏవి? ఎక్కడికి? విడిగా చూస్తే ఇది అన్నింటికంటే బోలుగా ఉంది. ఈ పద్ధతిలో చాలామంది దెబ్బతినేది ఇలాంటి చోటే. "అవి", "అక్కడ", "దాన్ని", "అతను" లాంటి మాటలు ముందు వాక్యం మీద ఆధారపడతాయి, తిరగేసి చదివినప్పుడు ఖాళీగా కనిపించడం సహజం. అందుకే తీర్పు చెప్పేముందు వాటి స్థానంలో అసలు పేర్లు పెట్టి ఒకసారి చదవాలి: "ఆమె వేళ్లు, నాన్న వేళ్లు తట్టే చోటికి అందలేదు." ఇప్పుడు చూడండి. ఇంకే కథలోనూ పెట్టలేని వాక్యం ఇది. పక్కన "అందలేదు, నాన్నంత చేయి కాదు" అని రాసుకోవచ్చు. మీ కథ మొత్తానికి బరువు ఇక్కడుంది. తిరగేసి చదివినప్పుడు అన్నింటికంటే నీరసంగా కనిపించిన వాక్యమే చివరికి అన్నింటికంటే బలమైనదని తేలింది. వెంటనే కొట్టేయొద్దని అందుకే అన్నాను.

పదమూడు చదివిన వెంటనే పన్నెండు చదివితే ఇంకొకటి బయటపడుతుంది. పదమూడులో వేళ్లు అందలేదు అన్నారు. పన్నెండులో "వేళ్లను ఆ చోట పెట్టి చూసుకుంది" అన్నారు. పెట్టిందా, అందలేదా? రెండూ ఒకేసారి నిజం కావు. పై నుంచి చదివినప్పుడు ఆ చోట ఉన్న భావం మనల్ని లాక్కుపోతుంది కాబట్టి ఈ పొరపాటు మీద కన్ను ఆగదు. ఫలితం ముందు చదివి ఆ తర్వాత చేసిన పని చదివితే ఆ రెండూ పొసగడం లేదని ఇట్టే తెలుస్తుంది. పన్నెండు తీసేయాల్సింది కాదు, మార్చాల్సింది. దానికి వేరే గుర్తు పెట్టుకోండి, చుట్టూ గీత గీసినా చాలు.

పదకొండు, "నాకు చోటు లేదక్కా." తమ్ముడు వద్దంటున్నాడు, అక్క మీద ఆ భారం పడుతోంది, వాళ్లిద్దరి మధ్య మాట తీరు కూడా తెలిసింది. మూడు మాటల్లో ఇంత చెప్పిన వాక్యం జోలికి వెళ్లొద్దు. పదిలో ఆమె కాసేపు ఆగింది, అడిగింది. తర్వాత తొమ్మిది: "ఆమె ఏమీ మాట్లాడలేదు." కానీ "కాసేపు ఆగి" అని ఇప్పుడే చదివాం కదా! ఆగడమంటే మాట్లాడకపోవడమే. పై నుంచి వచ్చేటప్పుడు తొమ్మిది పదికి సిద్ధం చేస్తున్నట్టు అనిపిస్తుంది. కింద నుంచి వచ్చేటప్పుడు పది తన పని పూర్తి చేసేసింది కాబట్టి తొమ్మిదికి చెప్పడానికేమీ మిగల్లేదు. ఒకే సంగతి రెండుసార్లు చెప్పిన చోట్లు ఇలా బాగా దొరుకుతాయి. మనం రాసేటప్పుడు ముందు ఒక మామూలు మాట పెట్టి, వెంటనే దానికంటే మంచిది తట్టి రాసి, మొదటిదాన్ని తీయడం మర్చిపోతాం. మంచిదాన్ని ముందు చదివితే మర్చిపోయింది కనిపిస్తుంది.

ఎనిమిది ఉండాలి, తమ్ముడు గదిలోకి వచ్చేది అక్కడే. ఏడు: ఎన్నో జ్ఞాపకాలు. ఏ జ్ఞాపకాలు? ఒక్కటి కూడా లేదు. ఆరు: మనసు బరువెక్కింది. దేన్ని చూసి? ఇంకా మనకు తెలియదు, ఎందుకంటే ఐదో వాక్యం చదవలేదు. అరువు బేరం అని నేనన్నది దీన్నే. ఐదులో చెక్క తేలిన ఆ చోటు కంటికి కనిపించాక పాఠకుడి మనసే కదులుతుంది. ఆ కదలికను ఆరు, ఏడు తమ ఖాతాలో వేసుకుంటున్నాయి. వాటిని ముందు చదివితే మాత్రం ఉత్త మాటలే. రెండింటికీ ప్రశ్నార్థకాలు.

ఐదు చాలా బాగుంది, నాలుగు లేకపోతే కుర్చీ ఎక్కడుందో ఎవరిదో తెలియదు. మూడులో "నిజానికి" ఏ పనీ చేయడం లేదు, దానికి ఎదురుగా అబద్ధమేదీ చెప్పలేదు కదా. అయితే వాక్యం లోపలి సంగతి కావాల్సిందే, ఆమె ఈ గదికి చాలా కాలం తర్వాత వచ్చింది. సంగతి అవసరం, వాక్యం నీరసం. ఇలాంటిదాన్ని తీయకూడదు, తిరిగి రాయాలి. రెండు: ఎవరూ లేని గదిలో నిశ్శబ్దం కాక ఇంకేముంటుంది? ప్రశ్నార్థకం. ఒకటి సరే.

మొత్తం ఆరు ప్రశ్నార్థకాలు, తిరిగి రాయాల్సినవి రెండు. పదిహేనిట్లో ఏడు వాక్యాలు చెక్కు చెదరకుండా నిలబడ్డాయి. అన్నీ తీసేయాల్సినవే అని మీకనిపించిన చోట నిజంగా ఉన్న పరిస్థితి ఇది.

పైకి వెళ్లాక ఇంకో చూపు చూడండి, ఇది తెలుగులో బాగా పనికొస్తుంది. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది కాబట్టి వరుసకొక వాక్యం పెట్టినప్పుడు వాక్యాల చివరి మాటలు విడిగా చూసుకోవడం తేలిక. మీ పదిహేను వాక్యాల చివర్లు మాత్రమే చదవండి: తీసింది, ఉంది, కాలమైంది, ఉంది, కనిపిస్తోంది, బరువెక్కింది, చుట్టుముట్టాయి... తర్వాత అర్థమైంది. ఎవరో ఏదో చేసిన క్రియలు ఒక రకం: తీసింది, అన్నాడు, చూసుకుంది. ఎవరూ ఏమీ చేయకుండా భావం తనంతట తాను వచ్చిపడే క్రియలు ఇంకో రకం: బరువెక్కింది, చుట్టుముట్టాయి, అర్థమైంది. మీరు ప్రశ్నార్థకం పెట్టిన ఆరింటిలో మూడు ఈ రెండో రకంలోనివే. ఇలాంటి క్రియ ఉన్నంత మాత్రాన వాక్యం చెడ్డదైపోదు. కానీ మీ కథ మొత్తంలో "అనిపించింది", "అర్థమైంది", "గుర్తొచ్చింది" అనే చివర్లు ఎక్కడెక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. మీరు దృశ్యం చూపించి, అది సరిపోతుందో లేదోనని అనుమానపడి, మళ్లీ వివరించిన చోట్లు అవే అయి ఉంటాయి.

ఇప్పుడు పై నుంచి చదవాలి, బయటికి వినిపించేలా. ప్రశ్నార్థకం ఉన్న వాక్యాల్ని ఒక్కొక్కటిగా వదిలేస్తూ చదవండి. వదిలేసిన చోట గొంతు తడబడితే ఎందుకో చూడండి. ఆరు, ఏడు వదిలేస్తే ఐదు తర్వాత నేరుగా తమ్ముడి మాట వస్తుంది: "దీన్నేం చేద్దాం?" ఇంతకు ముందు "దీన్ని" అనే మాటకూ కుర్చీకీ మధ్య ఆమె మనసు, జ్ఞాపకాలు అడ్డుగా ఉండేవి. ఇప్పుడు తమ్ముడు సూటిగా ఆ కుర్చీనే చూస్తున్నాడు. తీయడం వల్ల నష్టం లేకపోగా లాభం వచ్చింది. తొమ్మిది తీస్తే "కాసేపు ఆగి, 'నీకు కావాలా?' అంది" అన్న వాక్యంలో కర్త లేదు. అయినా ఇబ్బంది లేదు, "అంది" అన్నాం కాబట్టి మాట్లాడింది అక్కేనని తెలుస్తోంది. ఇద్దరూ అక్కాచెల్లెళ్లయి ఉంటే మాత్రం ఇక్కడ పేరు పెట్టాల్సి వచ్చేది.

పన్నెండును తిరిగి రాసేటప్పుడు "ఆ చోట" అనే మాట పోతుంది. దాంతో పదమూడులోని "అక్కడికి" ఎక్కడికో పాఠకుడికి అందదు, ఐదో వాక్యం చాలా పైన ఉండిపోయింది. ఇలాంటి తెగిన దారాలు కింద నుంచి చదివితే ఎప్పటికీ కనిపించవు, పై నుంచి వస్తేనే కాలికి తగులుతాయి. కాబట్టి అక్కడ ఆ చోటు ఏదో చెప్పాలి. అలాగే "సరిగ్గా" తీసేయాలి. సరిగ్గా అందలేదు అంటే కొంచెం అందాయేమో అన్న సందేహం మిగులుతుంది, ఈ కథకు ఆ సందేహం చెరుపు చేస్తుంది.

మూడుకు బదులుగా నేనొక ప్రతిపాదన చేస్తాను, మీకు నచ్చితేనే వాడుకోండి. చాలా కాలం తర్వాత వచ్చిందన్న సంగతిని ఆమె చేసే ఏదైనా పనిలో చూపించవచ్చు, స్విచ్ కోసం తప్పు వైపు తడమడం లాంటిది. అప్పుడు మొత్తం ఇలా ఉంటుంది:

సుజాత తలుపు తీసి, స్విచ్ కోసం ముందు తప్పు వైపు తడిమింది. కిటికీ పక్కన నాన్న వాలు కుర్చీ అలాగే ఉంది. కుర్చీ చేతి చివర, ఆయన వేళ్లతో తట్టే చోట, రంగు పోయి చెక్క కనిపిస్తోంది.

తమ్ముడు వెనక నుంచి వచ్చి, "దీన్నేం చేద్దాం?" అన్నాడు.

కాసేపు ఆగి, "నీకు కావాలా?" అంది.

"నాకు చోటు లేదక్కా."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి చేయి చాపింది. రంగు పోయిన చోటికి వేళ్లు అందలేదు.

ఇందులో మీరు రాయనివి స్విచ్ వెతకడం, వెనక్కి వాలి చేయి చాపడం మాత్రమే. మిగతాదంతా మీ దగ్గర ముందు నుంచీ ఉన్నదే. మీ పద్నాలుగు, పదిహేను వాక్యాలు తీసేస్తే పాఠకుడికి విషయం అందదేమోనని మీకు భయం ఉండొచ్చు. ఐదో వాక్యంలో ఆయన వేళ్లు తట్టే చోటు చూసిన పాఠకుడు, ఆమె వేళ్లు అక్కడికి చేరకపోవడం చూస్తాడు. లోటు అనే మాట మీరు వాడితే అతను ఆ మాట దగ్గర ఆగిపోతాడు. వాడకపోతే కుర్చీలో ఆమెతో పాటు ఇంకాసేపు కూర్చుంటాడు. నా అభిప్రాయం గట్టిగా ఇదే. పత్రిక వాళ్లు పలచగా ఉందన్నది ఈ రెండు వాక్యాల లాంటి వాటి గురించే అయి ఉండాలి.

ఈ చివరి వాక్యాల సంగతి కొంచెం ఆలోచించదగ్గది. పద్యం రాసేవాళ్లకు పాదపూరణం తెలుసు. గణాలు సరిపోకో యతి కుదరకో ఒక పదాన్ని తెచ్చి పెడతారు, అర్థానికి దానితో పని ఉండదు. వచనంలో మనకు గణాల బలవంతం లేదు కానీ పేరాకు ఒక లయ ఉంటుంది. పేరా చివర ఇంకొక్క వాక్యం ఉంటే నిండుగా ఉంటుందని చెవి అడుగుతుంది, చేయి రాసేస్తుంది. ఆ వాక్యం చెవి కోసం పుట్టింది కాబట్టి చెవితో చదివినంతసేపూ బాగానే ఉంటుంది. తిరగేసి చదివినప్పుడు పేరా లయ చెదిరిపోతుంది, అందుకే అది దొరికిపోతుంది. సమయం తక్కువగా ఉన్నప్పుడు కథంతా తిరగేయలేకపోతే, ప్రతి పేరాలో చివరి వాక్యాన్ని మాత్రమే తీసి కథ చివరి నుంచి మొదటి దాకా చదువుకుంటూ రండి. నేను చూసిన డ్రాఫ్టుల్లో పూరణ వాక్యాలు ఎక్కువగా చేరేది అక్కడే.

వచన కవితకూ ఇదే పద్ధతి కానీ ఒక తేడాతో. కవితలో పాదం వాక్యం మధ్యలో విరగొచ్చు, కాబట్టి ఒక్కో పాదాన్ని కాకుండా ఒక్కో పూర్తి భావాన్ని యూనిట్‌గా తీసుకోండి.

సంభాషణల దగ్గర ఈ పద్ధతిని నమ్మి ముందుకు పోకండి. జవాబు ముందూ ప్రశ్న తర్వాతా వస్తే "ఊఁ", "సరే", "ఎప్పుడు?" లాంటివన్నీ పనికిరానివిగానే కనిపిస్తాయి. మనుషులు నిజంగా మాట్లాడుకునే తీరు వాటిలో ఉంటుంది. సంభాషణలో ఒక మాటకూ దాని జవాబుకూ కలిపి ఒకటే నంబరు వేసి, ఆ జంటను ఒక యూనిట్‌గా చదవండి. అలాగే కావాలని రెండుసార్లు వాడిన వాక్యం, తర్వాత రాబోయేదానికి ముందుగా నాటిన చిన్న వివరం, ఇవి కూడా తిరగేసినప్పుడు అనుమానంగా కనిపిస్తాయి. వాటికి ప్రశ్నార్థకం పెట్టడంలో తప్పు లేదు, పై నుంచి వచ్చినప్పుడు వాటి పని వాటంతటవే చెబుతాయి.

సన్నివేశాల వరుస సరిగా ఉందా, ఒక సంఘటన ఇంకోదానికి కారణమవుతోందా, కథ నడక ఎక్కడ మందగించింది అనేవి ఈ పద్ధతికి అస్సలు అందవు. అందుకే సన్నివేశాలు ఇంకా అటూ ఇటూ మారుతున్న డ్రాఫ్ట్ మీద దీన్ని చేయకండి. రేపు పూర్తిగా ఎగిరిపోయే పేజీలో ఒక్కో వాక్యాన్ని తూచి లాభం లేదు. కథ ఆకారం కుదిరాక, అక్షర దోషాలు చూసుకోవడానికి ముందు, ఆ మధ్యలో చేయాలి.

ఇంకొక జాగ్రత్త. తిరగేసి చదువుతూ చదువుతూ అక్కడికక్కడే దిద్దడం మొదలుపెట్టకండి. పన్నెండును సరిచేయాలని కూర్చుంటే మీరు పదమూడు, పద్నాలుగు కూడా కలిపి ఆలోచించాల్సి వస్తుంది, కథ మళ్లీ ముందుకు పారడం మొదలవుతుంది, కింద నుంచి వచ్చే చూపు పోతుంది. గుర్తు పెట్టండి, పైకి వెళ్లండి. దిద్దడమంతా రెండో విడతలో.

ఒకే డ్రాఫ్ట్ మీద దీన్ని మళ్లీ మళ్లీ చేయాల్సిన పని కూడా లేదు. తిరగబడిన వరుస కూడా కొన్నాళ్లకు చెవికి అలవాటైపోతుంది, అప్పుడు అది కూడా సాఫీగా సాగిపోతుంది. ఒకసారి మొత్తం చేసి, పై నుంచి దిద్దుకున్నాక, కొత్తగా రాసిన వాక్యాల్ని మాత్రమే వాటికి ముందూ వెనకా ఉన్న ఒక్కో వాక్యంతో కలిపి కింద నుంచి చూడండి. పాత పూరణ వాక్యం తీసిన చోట తెలియకుండానే కొత్తది రాసేస్తాం, స్విచ్ వాక్యం కూడా ఆ పరీక్షకు నిలబడాల్సిందే. మీ కథలో మిగిలిన సన్నివేశాలకు ఇదే వరుసలో, చివరి నుంచి రెండోదానితో మొదలుపెట్టండి.